అసిరమ్మ దుప్పటి, ఐదున్నర నీళ్ళు

ఎవరి బండి ఎన్నింటికి బయల్దేరుతుందో వాళ్ళకి ముందుగా చెప్పడం తనూజ ఉద్యోగం. బిలాస్‌పూర్ స్టేషన్ పక్కన లోకో పైలట్లూ గార్డులూ డ్యూటీకి ఎక్కే లాబీ ఒకటుంది. అందులో కూర్చుని, బండికి రెండు గంటల ముందు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కాల్ ఇస్తుంది. నిద్రలో లేచినవాళ్ళు విసుక్కుంటారు, కొందరు బాత్రూంలో ఉన్నామంటారు, కొందరి పెళ్ళాలు ఎత్తి ఇంట్లో లేరంటారు. అందరి మాటా పడి, అందరినీ బండెక్కించి, చివరికి తను ఇంటికి చేరేసరికి ఒంట్లో రక్తమంతా ఫోన్లోకి పోయినట్టుంటుంది.

ఆరేళ్ళ కిందట మొగుడు రమణబాబు గుండెపోటుతో పోయాడు. బండ్లకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసేవాడు. ఆ ఉద్యోగం బదులు తనూజకి ఈ ఉద్యోగం వచ్చింది. రైల్వే ఇచ్చింది కదా అని చుట్టాలంతా అదృష్టవంతురాలన్నారు. ఆ మాట అన్నవాళ్ళలో ఒక్కరూ రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఎనిమిది దాకా కుర్చీలో కూర్చుని చూడలేదు. ఇంట్లో ఉన్నది ముగ్గురు. తనూజ, పదో తరగతి పరీక్షలకి చదువుతున్న కూతురు శ్రీనిధి, అత్తగారు అసిరమ్మ. అసిరమ్మకి డెబ్బై ఎనిమిది. శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి పదహారో ఏట రైలింజన్ ఫైర్‌మన్ పెళ్ళాంగా ఈ ఊరొచ్చింది. బొగ్గింజన్ల రోజుల్లో మొగుడి ఖాకీ బట్టలకి సోడా వేసి ఉడకబెట్టి, బండకేసి బాది, మసి వదిలించిన చేతులు ఆవిడవి. అక్షరం ముక్క రాదు గానీ, కూత విని ఏ బండి లైన్లో ఉందో చెప్పేది.

అత్తలేని కోడలు ఉత్తమురాలు అన్నారు గానీ, ఆ సామెత కట్టినవాళ్ళు నైట్ డ్యూటీ చేసే కోడల్ని చూసి ఉండరు. అసిరమ్మ లేకపోతే తనూజ ఇల్లు నడవదు. రాత్రి పూట పిల్లకి తోడు ఆవిడే, పొద్దున్నే పొయ్యి వెలిగించి పిల్లని బడికి పంపేదీ ఆవిడే.

అయితే కిందటి ఏడాది నుంచి ఆ ఇంట్లో ఎవరూ నోరెత్తని సంగతి ఒకటి మొదలైంది. అసిరమ్మకి నిద్రలో పక్క తడుస్తోంది. డాక్టరు మందు రాసిచ్చాడు, అది కొన్నాళ్ళు పనిచేసింది, కొన్నాళ్ళు మానేసింది. తడిసిన దుప్పటిని ఆవిడ మడత పెట్టి మంచం కింద ట్రంకు పెట్టె వెనక దాస్తుంది. తనూజ డ్యూటీ నుంచి వచ్చి, అత్తగారు వంటింట్లో ఉన్న సమయం చూసి, దాన్ని తీసి మిగతా బట్టల మధ్య దూర్చి వాషింగ్ మెషిన్లో పడేస్తుంది. మర్నాడు ఉతికిన దుప్పటి మంచం మీదికి వచ్చేస్తుంది. ఆవిడ అడగదు, ఈవిడ చెప్పదు. కోడలికి తెలుసని అత్తకి తెలుసు. మాట బయటికి వస్తే ఆ ముసలిదాని పరువు పోతుందని, శ్రీనిధికి కూడా తెలియకూడదని తనూజ పట్టుదల. డబ్బూ బంగారమూ లేని ఇంట్లో మిగిలింది ఆ పరువొకటే.

ఈ గుట్టంతా నీళ్ళ మీద నడుస్తుంది. వాళ్ళ క్వార్టర్ల వరసకి నీళ్ళు పొద్దున్న ఐదున్నరకి వస్తాయి, ఏడుంబావుకి పోతాయి. సాయంత్రం ఇంకో అరగంట సన్నగా వస్తే అది డ్రమ్ములు నింపుకోవడానికే చాలదు. నైట్ డ్యూటీ వారాల్లో ఐదున్నరకి తనూజ లాబీలో ఉంటుంది. అందుకే మెషిన్లో ఆలస్యంగా మొదలయ్యే ఏర్పాటు ఆమెకి దేవుడిచ్చిన చెల్లెలు లాంటిది. రాత్రి తొమ్మిదిన్నరకి బట్టలూ పౌడరూ వేసి, కుళాయి తిప్పి ఉంచి, ఎనిమిది అని నొక్కి వెళ్ళిపోతుంది. ఎనిమిది గంటలు ఊరుకుని, సరిగ్గా ఐదున్నరకి, నీళ్ళొచ్చే వేళకి మెషిన్ మొదలవుతుంది. రమణబాబు కొన్న పాత మెషిన్ ఏళ్ళ తరబడి ఈ లెక్క తప్పలేదు. తనూజ వేళ్ళు చూడకుండానే ఎనిమిది నొక్కడం నేర్చుకున్నాయి.

డిసెంబరు చివర్లో ఆ మెషిన్ డ్రమ్ము బేరింగు పోయి, రోడ్డు రోలరులా మోత మొదలుపెట్టింది. బాగుచేయించే కంటే కొత్తది నయమన్నారు. గోల్ బజార్ కొట్లో కొత్తది కొన్నారు. పైమూత తీసి బట్టలు వేసేదే, కానీ మీటల నిండా సోకులు. కొట్లో కుర్రాడు హిందీలో గడగడా అప్పజెప్పాడు. ఆలస్యంగా మొదలుపెట్టుకోవచ్చు, పిల్లలు నొక్కకుండా తాళం వేసుకోవచ్చు, రోజూ వాడే ఉతుకుని గుర్తు పెట్టించుకోవచ్చు, కరెంటు పోయి వస్తే ఆగిన చోటి నుంచి అదే సాగుతుంది. తనూజ మొదటి ముక్క విని తల ఊపింది, మిగతావి చెవికెక్కలేదు. రాత్రంతా మేలుకున్న మనిషికి ఏదైనా ఒక్క ముక్కే ఎక్కుతుంది.

జనవరిలో నైట్ డ్యూటీ వారం వచ్చింది. మొదటి రోజు పొద్దున్న పావుతక్కువ తొమ్మిదికి ఇంటికొచ్చి చూస్తే, వెనక వరండాలో మెషిన్ ప్లగ్గు స్విచ్చి ఆపేసి ఉంది. లోపల బట్టలు పొడిగా, మీద చల్లిన పౌడరు చల్లినట్టే ఉంది. అత్తగారిని అడిగితే, చీకటితోనే అది ఊరికే కూతలు పెట్టిందనీ, చదువుకుని పడుకున్న గుంట నిద్ర లేస్తుందని తనే స్విచ్చి ఆపేశాననీ చెప్పింది. తనూజ మాత్రం మనసులో, ఈవిడే ఏదో కెలికింది, మెషిన్ దానంతట అదెందుకు కూస్తుంది అనుకుంది. రెండో రాత్రి డ్యూటీకి బయల్దేరుతుంటే అసిరమ్మ మెషిన్ మూత తెరిచి లోపల చెయ్యి పెట్టి ఉంది. కోడల్ని చూసి చప్పున మూత వేసి పక్కకి తప్పుకుంది. దొంగ దొరికినట్టే అయింది.

రెండో పొద్దున్న కూడా అదే వరస. స్విచ్చి ఆపి ఉంది, బట్టలు పొడిగా ఉన్నాయి, వాటి అడుగున ఉన్న దుప్పటి వాసన వరండా దాకా వస్తోంది. తనూజకి ఒళ్ళు మండింది. ఓపిక లేనివాళ్ళ కోపం పెద్దగా అరవదు, చిన్నగా తాళాలు వేస్తుంది. ఆ రాత్రి ఎనిమిది నొక్కాక, తాళం గుర్తున్న మీటని మూడు సెకన్లు అదిమి పట్టుకుంటే మెషిన్ మీద ఎర్రటి చిన్న తాళం వెలిగింది. ఇక ఎవరు ఏ మీట నొక్కినా పలకదు. పవరు ఆపి మళ్ళీ వేసినా ఆ తాళం పోదు. గోడ స్విచ్చిని కూడా అట్టముక్కతో కప్పి టేపు వేసింది. ఆ చేతులు తనవేనా అని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఆ తాళం ఏమిటని అసిరమ్మ మనవరాల్ని అడిగింది. శ్రీనిధి పుస్తకంలోంచి తల ఎత్తకుండా, హిందీ తెలుగూ కలిపి, అది చైల్డ్ లాక్ అనీ, బచ్చాలు బటన్లు నొక్కకుండా పెట్టేదనీ చెప్పింది. ఇంట్లో బచ్చాలు ఎవరున్నారు? శ్రీనిధికి పదహారు నడుస్తోంది. అసిరమ్మ కాసేపు ఆ ఎర్ర గుర్తు వంక చూసి, కొంగు దులుపుకుని లోపలికి వెళ్ళింది. వంటింట్లోంచి తనూజ ఇదంతా చూసింది. డ్యూటీకి టైమైందని సంచి తగిలించుకుని బయటికి నడిచింది.

మూడో పొద్దున్న తాళం తాళంలాగే ఉంది, టేపు టేపులాగే ఉంది, మెషిన్ మాత్రం నీళ్ళు లేవన్న కోడ్ చూపిస్తూ బిగుసుకుని కూర్చుంది. బట్టలు మళ్ళీ పొడి. స్టార్ట్ నొక్కితే పలకలేదు. తనే వేసిన తాళమని గుర్తు రావడానికే ఆమెకి ఐదు నిమిషాలు పట్టింది. అంటే ముసలావిడ తప్పేమీ లేదన్నమాట. ఆ ఆలోచన వచ్చింది గానీ, దాని వెంట నడిచే ఓపిక లేక, మెషినే పాడుదయ్యుంటుందని సర్వీసుకి ఫోన్ చేసి పడుకుంది. వాళ్ళు మర్నాడు వస్తామన్నారు.

నాలుగో పొద్దున్న తనూజ ఇంట్లో అడుగు పెట్టేసరికి శ్రీనిధి బడికి వెళ్ళిపోయింది. వంటింట్లో ఎవరూ లేరు. బాత్రూం తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూస్తే, అసిరమ్మ చన్నీళ్ళ బకెట్ ముందు నేల మీద కూలబడి, మెషిన్లోంచి తీసిన దుప్పటిని రెండు చేతులా పిండుతోంది. తడిసిన దుప్పటి ఆవిడ బరువులో సగం ఉంటుంది. పిండిన కొస చేతిలోంచి జారి మళ్ళీ బకెట్లో పడుతోంది. మోకాళ్ళ దాకా చీర తడిసిపోయింది. జనవరి చలికి కింది పెదవి వణుకుతోంది. ఒక మోచేయి దగ్గర చర్మం దోక్కుపోయి ఉంది. ఎక్కడో జారిందన్నమాట.

జాలి రావలసిన చోట తనూజకి కోపం వచ్చింది. మనిషి అలిసిపోతే జాలి వెనకబడి, కోపం ముందుకొస్తుంది. జారి తుంటి విరిగితే ఎవరు చేస్తారని అడిగింది. అంత పెట్టి మెషిన్ కొన్నది ఎందుకని అడిగింది. చివర్న, ఏ పనీ చెయ్యక్కర్లేదు, మెషిన్ జోలికి రాకుండా ఓ మూల కూర్చుంటే అదే పదివేలు అని కూడా అనేసింది. కోడలు చెయ్యి అందిస్తే అసిరమ్మ పట్టుకుని లేచింది. పొడి చీర కట్టుకుని, మంచం మీద కాకుండా మంచం పక్కన నేల మీద కూర్చుంది. మంచం ఎక్కే అర్హత పోయినట్టు ఆవిడ అలా కూర్చోవడం తనూజ ఎప్పుడూ చూడలేదు.

పదకొండు గంటలకి సర్వీసు వాడు వచ్చాడు. పేరు నూకరాజు. ముప్పై దాటిన మనిషి, వాళ్ళ నాన్న కూడా రైల్వే లోకో షెడ్డులో చేసి రిటైరయ్యాడు. తెలుగు ఇల్లని తెలిసి చెప్పులు గుమ్మం బయటే విప్పాడు. పొద్దుటి నుంచి అప్పటికే నాలుగిళ్ళు తిరిగొచ్చాడట, మొహం వాడిపోయి ఉంది. మెషిన్ పవరు వేసి, ఎర్ర తాళం చూసి, మీట అదిమి పట్టి దాన్ని తీశాడు. కుళాయి తిప్పి చూశాడు, గొట్టం చూశాడు. రాత్రి ఎన్నింటికి పెడతారు, ఎంత పెడతారు, నీళ్ళు ఎన్నింటికి వస్తాయి అని మూడే ప్రశ్నలు అడిగాడు. తనూజ చెప్పింది. అతను నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నవ్వాలో వద్దో తెలియనట్టు తల గోక్కున్నాడు.

"అక్కా, దీనికేటీ కాలేదు. మీ పాత మెషిన్ బండి బయల్దేరే టైము అడిగీది. ఇది బండి చేరీ టైము అడుగుతాది. మీరు ఎనిమిది నొక్కితే, ఎనిమిది గంటల్లో ఉతుకు అయిపోవాలని దీని లెక్క. గంట ఉతుక్కి గంట ముందే, నాలుగున్నరకే లేచి కూకుంటంది. అప్పటికి కుళాయిలో సుక్క ఉండదు కదా."

తనూజ గోడకి ఆనుకుంది. నాలుగున్నరకి మెషిన్ లేచింది. నీళ్ళ కోసం కాసేపు చూసింది, రాకపోయేసరికి కోడ్ చూపించి కూతలు పెట్టింది. ఐదున్నరకి నీళ్ళొచ్చినా, ఒకసారి అలా ఆగిపోయాక ఎవరైనా వచ్చి స్టార్ట్ నొక్కితే తప్ప అది కదలదట. అసిరమ్మ చెప్పింది అక్షరాలా నిజం. అది చీకటితో కూసింది, పిల్ల నిద్ర చెడుతుందని ఆవిడ స్విచ్చి ఆపింది. ఆ తర్వాత తనూజ తాళం వేసి, స్టార్ట్ నొక్కగలిగే ఒక్క మనిషికీ చేతులు కట్టేసింది. డివిజన్లో బండ్లన్నిటికీ బయల్దేరే టైము చెప్పే మనిషి, ఇంట్లో మెషిన్‌కి తప్పు టైము చెప్పింది. బయల్దేరే టైము తప్ప ఇంకో టైము ఉంటుందని కూడా ఆమెకి తట్టలేదు.

నూకరాజు ఇంకా చెబుతున్నాడు. తొమ్మిదిన్నరకి పెడితే ఎనిమిది కాదు, తొమ్మిది నొక్కాలి, అప్పుడు ఐదున్నర దాటాక మొదలై ఆరున్నరకి అయిపోతుంది. అయినా ఈ ఆలస్యం మీట ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నీళ్ళకో కరెంటుకో వేళ ఉన్నప్పుడు పనికొస్తుంది గానీ, అయిపోయాక బట్టలు తీసే మనిషి దగ్గర్లో లేకపోతే దండగ. ఇప్పుడంటే చలికాలం. మే నెలలో తడిబట్టలు మూత కింద మూడు గంటలుంటే ముక్కు మూసుకోవాలి. తనకొచ్చే పది ఫోన్లలో నాలుగు తాళం వేసి మరిచిపోయినవే, మూడు కుళాయి కట్టేసినవే అని, ఎవరినీ తప్పు పట్టకుండా, వినేవాళ్ళు లేకపోయినా చెప్పేవాడిలా చెప్పాడు. ఆ తర్వాత మామూలుగా ఓ మాట అడిగాడు.

"తాళం ఎందుకెట్టుకున్నారక్కా? ఇంట్లో సిన్నపిల్లలున్నారా?"

నేల మీద కూర్చున్న అసిరమ్మే లోపల్నించి జవాబు చెప్పింది.

"నాను లేనా బాబూ."

నూకరాజుకి సంగతంతా తెలియకపోయినా, అడగకూడనిది అడిగానని తెలిసింది. నీళ్ళ గొట్టంలో జల్లెడ కూడా పట్టేసినట్టుంది, కడిగి తెస్తానని దాన్ని ఊడదీసి వంటింట్లోకి వెళ్ళాడు. కొందరికి ఆ మర్యాద ఎవరూ నేర్పకుండానే వస్తుంది.

తనూజ లోపలికి వెళ్ళి అత్తగారి ఎదురుగా నేల మీద కూర్చుంది. తప్పు తనదేనని, బండి టైము తనే తప్పు చెప్పానని అంది. ఆ తర్వాత, అడగనా వద్దా అని తటపటాయిస్తూనే, రాత్రి మూత తెరిచి చెయ్యెందుకు పెట్టావని అడిగింది. అసిరమ్మ తన అరచేతులు చూసుకుంటూ చెప్పింది.

"నా దుప్పటి ఎతికేను. గుంట బడి బట్టల్లో కలిపీసినావు కదా. మీరిద్దరూ నలుగురిలో తిరిగీవోళ్ళు, నా మైల వాసన మీ బట్టలకి అంటుకుంటే ఏటనుకుంటారు? తీసీసి నాను సేత్తో ఉతికీద్దునని."

ఏడాదిగా ఎవరూ ఎత్తని మాట అలా నేల మీద పడింది. తనూజకి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఎంత జాగ్రత్తగా ఆ దుప్పటిని మిగతా బట్టల మధ్య దాచిందో, ఆ దాచడమే ముసలావిడని అంత బాధపెట్టింది. పరువు కాపాడుతున్నానని అనుకున్నదంతా, ఆవిడ చేతిలోంచి ఆవిడ పని లాక్కోవడమే అయింది. ఖాకీ బట్టల మసి వదిలించిన మనిషికి తన దుప్పటి తను ఉతుక్కోవడం కష్టం కాదు. అది ఇంకొకరు ఉతకడం కష్టం. కోడలు కళ్ళు తుడుచుకుంటుంటే అసిరమ్మ, పోనిద్దూ, నిద్దర్లేక అలా ఉన్నావు అంది. ఆ మాటకి తనూజ ఇంకా ఏడ్చింది.

నూకరాజు తిరిగొచ్చి జల్లెడ బిగిస్తుంటే తనూజ ఒక్కటే అడిగింది. ఆ రోజు కొట్లో చెప్పిన, ఉతుకుని గుర్తు పెట్టించే మీట ఎలా పనిచేస్తుంది అని. అతను చూపించాడు. దుప్పటికి కావలసినట్టు ముందు నానబెట్టడం, నిండా నీళ్ళు, ఒకసారి ఎక్కువగా జాడించడం అన్నీ ఎంచి, గుర్తు మీటని అదిమి పట్టుకున్నాడు. మెషిన్ ఒక కూత కూసి ఆ వరసంతా దాచుకుంది. ఇకనుంచి పవరు, గుర్తు, స్టార్ట్, ఈ మూడూ నొక్కితే చాలు, ఇంకేమీ ఎంచక్కర్లేదు, చదవక్కర్లేదు. రోజుకో రకం బట్టలు వేస్తే, చొక్కాలకీ దుప్పట్లకీ ఒకే ఉతుకు వాడితే మాత్రం ఈ గుర్తు వల్ల లాభం లేదనీ, రోజూ ఒకే పని ఒకేలా చేసేవాళ్ళకే అదనీ అన్నాడు.

శ్రీనిధి అద్దానికి అంటించి వదిలేసే స్టిక్కర్ బొట్లు తనూజ తెచ్చింది. పవరు మీద ఒక బొట్టు, గుర్తు మీట మీద రెండు, స్టార్ట్ మీద మూడు అంటించింది. అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మెషిన్ ముందు నిలబెట్టింది. అసిరమ్మ తనకి చదువు రాదంది, ఏదైనా పాడైతే మళ్ళీ తాళం వేస్తారంది. ఆ మాట తనూజకి గుచ్చుకుంది. గుచ్చుకోవలసిందే. ఇక ఈ ఇంట్లో ఆ తాళం ఎవరూ వెయ్యరని చెప్పింది. గోడ మీది అట్టముక్క పీకేసింది. టేపుతో పాటు సున్నం కూడా పెచ్చు ఊడింది.

ఆ రోజు మధ్యాహ్నం కుళాయి ఎండిపోయి ఉన్నా, ఒట్టి మెషిన్ మీదే మూడుసార్లు నొక్కించింది. మొదటిసారి ఆవిడ రెండు బొట్లు దాటేసి మూడు బొట్లు నొక్కింది. రెండోసారి వేలు గట్టిగా అదమలేదు. మూడోసారి వరస కుదిరింది. ఐదున్నరకి ఎవరు లేపుతారు అని తనూజ అడగబోయి ఊరుకుంది. బొగ్గింజన్ డ్యూటీల కాలం నుంచి అసిరమ్మ నాలుగున్నరకే లేస్తుంది. మెషిన్‌కి ఆలస్యం మీట ఎందుకో, మేలుకున్న మనిషి ఇంట్లో ఉండగా దాన్ని ఏళ్ళ తరబడి ఎందుకు నొక్కిందో తనూజకి అప్పుడు నవ్వొచ్చింది. ఎవరూ లేని ఇంటి కోసం చేసిన ఏర్పాటుని, మనిషి ఉన్న ఇంట్లో వాడింది. ఆ మనిషిని లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

ఆ రాత్రి మెషిన్లో బట్టలు వెయ్యకుండా, ఆలస్యం మీట ముట్టుకోకుండా డ్యూటీకి వెళ్ళింది. తెల్లవారుతుండగా ఒక బొగ్గు గూడ్సు లోకో పైలట్‌కి కాల్ ఇస్తూ గడియారం చూసింది. ఐదు ముప్పై ఐదు. ఇంటికి ఫోన్ చేద్దామా అని చెయ్యి వెళ్ళింది. చేస్తే నమ్మకం లేదని చెప్పినట్టే అవుతుందని ఆ చేత్తోనే ఇంకో గార్డుకి ఫోన్ చేసింది. మనసు మాత్రం వెనక వరండాలోనే ఉంది. జారుతుందేమో, కుళాయి మరిచిపోతుందేమో, బొట్లు గుర్తుండవేమో. ఆరు గంటలప్పుడు లాబీలో లైట్లు ఒకసారి ఆరి, జనరేటరు మీద వెలిగాయి. ఊళ్ళో కరెంటు పోయిందన్నారు. పాడైతే మళ్ళీ తాళం వేస్తారు అన్న అత్తగారి మాట తనూజ చెవిలోనే ఉంది.

డ్యూటీ దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా బయటపడింది. బుధవారీ బజార్ దగ్గర రోజూ ఆగి తాగే టీ కూడా తాగలేదు. క్వార్టరు గేటు తీస్తూనే పెరటి తీగ వంక చూసింది. దుప్పటి ఆరవేసి ఉంది. మడతలు సరిగా పడక ఒకవైపు నేలకి జారింది గానీ, తెల్లగా, నాలుగు క్లిప్పులతో, మనవరాలి బడి చొక్కాకి పక్కనే ఉంది. దాచకుండా, నలుగురూ నడిచే దారి వైపే ఆరవేసింది.

అసిరమ్మ వంటింట్లో కూర్చుని వంకాయలు తరుగుతోంది. జరిగిందంతా తీరిగ్గా చెప్పింది. మూడు బొట్లూ నొక్కిందట, బండి కదిలిందట. మధ్యలో కరెంటు పోయి ఆగిపోతే, తనే పాడుచేశాననుకుని దాని పక్కనే పీట వేసుకుని కూర్చుందట. ఇరవై నిమిషాలకి కరెంటొచ్చింది, ఎవరూ ముట్టుకోకుండానే మెషిన్ ఆగిన చోటి నుంచి తిరగడం మొదలుపెట్టిందట. అక్కడ మాత్రం ఆవిడకి కొంచెం గర్వం వచ్చింది. నీళ్ళు పోకముందే ఇంకో విడత పిల్ల బట్టలు పెట్టబోయిందట గానీ టైము చాలలేదట, చొక్కా ఒక్కటే చేత్తో ఉతికిందట.

తనూజ గుమ్మం దగ్గరే కూర్చుంది. చెప్పులు కూడా విప్పలేదు. అసిరమ్మ వంకాయ ముక్కలు నీళ్ళలో వేస్తూ, చెయ్యి ఆపకుండా, ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పే గొంతుతో అంది:

"రేత్రి పక్క తడిపీసినాను తనూజా. ఉతికీసినాను."

ఏడాదిలో మొదటిసారి ఆవిడ ఆ మాట అంది. సిగ్గు పడలేదు, తల దించుకోలేదు, తగ్గించి చెప్పలేదు. తనూజకి ఏదీ పెద్దది చెప్పకూడదనిపించింది.

"అచ్ఛా అత్తా," అంది. "బాగా ఆరాక తీద్దాం."

చెప్పులు విప్పి, చీరైనా మార్చుకోకుండా అత్తగారి మంచం మీదే పడుకుంది. ఆ పూట ఆమెని ఎవరూ లేపలేదు, పన్నెండు దాకా నిద్రపోయింది.